డ్రోన్ థర్మల్ కెమెరాతో సోలార్ ప్యానెళ్ళ హాట్ స్పాట్లు పట్టుకోవడం: చీమకుర్తి గ్రానైట్ యూనిట్ లెక్కలతో సమగ్ర మార్గదర్శి

ఒంగోలు, నెల్లూరు వైపు సొంత సోలార్ ప్లాంటు పెట్టుకున్నవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటుంది: "డ్రోన్ ఎగరేయించాం, ఫొటోల్లో ఎర్ర మచ్చలు చాలా వచ్చాయి, ఇప్పుడు ఏ ప్యానెల్ మార్చాలి?" ఆ ఎర్ర మచ్చల్లో కొన్ని రెట్టలు, కొన్ని ఆకాశం ప్రతిబింబాలు, కొన్ని కెమెరా రంగుల మాయ. మిగిలినవే అసలు హాట్ స్పాట్లు, అంటే ప్యానెల్‌లో చుట్టుపక్కల కంటే నిజంగా ఎక్కువ వేడెక్కిన చోట్లు. వాటిని వేరు చేసేలా ఎలా ఎగరాలి, ఫొటోలను ఎలా లెక్కలోకి మార్చాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ఉదాహరణకి చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆవరణ అనుకుందాం. నేల మీద 540 వాట్ల ప్యానెళ్ళు 468 ఉన్నాయి. 18 ప్యానెళ్ళను వరసగా కలిపితే ఒక స్ట్రింగ్, అలా 26 స్ట్రింగులు, మొత్తం సుమారు 253 కిలోవాట్లు. ప్యానెళ్ళు బిగించిన స్టాండ్లు, అంటే టేబుళ్ళు, దక్షిణానికి 15 డిగ్రీలు వాలి ఉన్నాయి. ఒక్కో టేబుల్ మీద ప్యానెళ్ళు నిలువుగా, కిందొకటి పైనొకటి. పక్కనే కోత యంత్రాలు, వాటి మడ్డి ఎండి లేచే బూడిద రంగు దుమ్ము.

## 1. ముందు రోజు చూసుకోవాల్సినవి

డ్రోన్ ఎవరిదైనా సరే, దాని రిజిస్ట్రేషన్ గుర్తింపు అయిన యూఐఎన్ నంబరు, ఎగరేసేవాళ్ళ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడిగి చూడండి. 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపు డ్రోన్ 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మైక్రో తరగతి. డబ్బు తీసుకుని చేసే పనికి ఈ తరగతిలోనూ సర్టిఫికెట్ కావాలి. విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది కాబట్టి, అద్దెకు తెచ్చేవాళ్ళ కాగితాలు సరిగా ఉన్నాయో లేదో చూడటం మీ బాధ్యతే అనుకోండి. మీ స్థలం డ్రోన్ గగనతల మ్యాప్‌లో ఏ రంగు జోన్‌లో ఉందో కూడా చూడాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా విడిగా అనుమతి అక్కర్లేదు. మనం ఎగిరే ఎత్తు అందులో ఏడో వంతు కూడా ఉండదు.

ప్లాంటు లేఅవుట్ కాగితం తీసి టేబుళ్ళకు, స్ట్రింగులకు నంబర్లు వేసుకోండి. ఇది బద్ధకంగా వదిలేసేవాళ్ళే ఎక్కువ. తర్వాత ఫొటోలో మచ్చ దొరికినా అది నేల మీద ఏ ప్యానెలో తెలియక పూట పోతుంది. ప్రతి టేబుల్ పడమటి చివర తెల్ల సున్నంతో పెద్దగా నంబరు వేస్తే మామూలు కెమెరా ఫొటోలో కనిపిస్తుంది.

ఇక అందరూ మరిచేది లోడు. హాట్ స్పాట్ కనిపించాలంటే స్ట్రింగులో కరెంటు పారాలి. గ్రిడ్‌కు కరెంటు పోకుండా అడ్డుకునే జీరో ఎక్స్‌పోర్ట్ పరికరం పెట్టుకున్న యూనిట్లలో, మధ్యాహ్నం భోజనానికి యంత్రాలు ఆపగానే ఇన్వర్టర్ ఉత్పత్తి తగ్గించేస్తుంది. అప్పుడు ఫొటో తీస్తే చెడిపోయిన సెల్ కూడా మంచిదానిలా ఉంటుంది. ఎగిరే గంటసేపూ కోత యంత్రాలు నడుస్తుండాలని సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడుకోండి.

ప్యానెళ్ళు కడగాలా వద్దా? కడగకుండానే ఒకసారి ఎగరండి, తర్వాత కడిగి రెండోసారి. దుమ్ము వల్ల ఎంత, ప్యానెల్ లోపం వల్ల ఎంత అన్నది ఆ రెండిటి తేడాలో తేలుతుంది.

## 2. రోజు, వేళ

ఈ పనికి ప్రమాణంగా వాడే ఐఈసీ టీఎస్ 62446-3 ప్రకారం ప్యానెల్ తలం మీద చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ పడాలి. గాలి గంటకు 28 కిలోమీటర్లు మించకూడదు. ఎండ కొలిచే చిన్న మీటరును ప్యానెల్ వాలుకు సమానంగా ఆనించి చూడాలి, నేల మీద పడుకోబెట్టి కాదు.

మన తీరంలో ఎండ దొరకడం కష్టం కాదు, గాలే ఇబ్బంది. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. గాలి ప్యానెళ్ళను చల్లబరిచి తేడాలను చెరిపేస్తుంది. అందుకే నా ఓటు ఉదయం పది నుంచి పదకొండున్నర మధ్యకి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వీలైన నెలలు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తేదీ ముందుగా ఖాయం చేసుకుంటే టెన్షన్ తప్పదు.

మిట్ట మధ్యాహ్నం వద్దనడానికి మరో కారణం ఉంది. మార్చి, సెప్టెంబర్ మూడో వారాల్లో మన అక్షాంశం దగ్గర 15 డిగ్రీలు వాలిన ప్యానెల్ మీద మధ్యాహ్నపు ఎండ దాదాపు నిట్టనిలువుగా పడుతుంది. కెమెరాను ప్యానెల్‌కు నిలువుగా పెడితే సూర్యుడి ప్రతిబింబం సరిగ్గా అందులోకే వస్తుంది. దానికి తోడు డ్రోన్ నీడ.

మబ్బు తునక ఒకటి వచ్చి పోయిందంటే ఆగండి. ఎండ నిలకడగా తిరిగి వచ్చాక పది, పదిహేను నిమిషాలు గడవాలి. వేడెక్కుతున్న ప్యానెల్‌ను కొలిస్తే లెక్క తప్పుతుంది.

## 3. ఎంత ఎత్తు, ఎంత వేగం

ఈ లెక్కలు డీజేఐ మావిక్ 3 థర్మల్ డ్రోన్ కెమెరావి: 640×512 పిక్సెళ్ళు, పిక్సెల్ 12 మైక్రాన్లు, లెన్స్ 9.1 మిల్లీమీటర్లు. మీ కెమెరా వేరైతే ఇదే సూత్రంలో మీ అంకెలు వేసుకోండి:

```
పిక్సెల్ సైజు (మీ.) = ఎత్తు (మీ.) × 0.000012 / 0.0091
```

ప్రమాణం ప్రకారం ఒక సెల్ అంచు పొడవునా కనీసం ఐదు పిక్సెళ్ళు పడాలి. ఆరంగుళాల పాత సెల్‌కి అయితే పిక్సెల్ మూడు సెంటీమీటర్లు ఉన్నా చాలు, 22 మీటర్ల ఎత్తు సరిపోతుంది. ఇప్పుడొచ్చే 540 వాట్ల ప్యానెళ్ళలో ఉండేవి సగం సెల్లులు, 182 × 91 మిల్లీమీటర్లు. పొట్టి అంచు 91ని ఐదుతో భాగిస్తే 1.8 సెంటీమీటర్లు. అంటే ఎత్తు 14 మీటర్ల దగ్గరకి దిగాలి. పాత అలవాటుతో 25, 30 మీటర్ల నుంచి తీసిన ఫొటోలో సగం సెల్ మీద రెండు మూడు పిక్సెళ్ళే పడతాయి. అప్పుడు పక్క సెల్లుల చల్లదనం కలిసి అసలు వేడి తక్కువగా కనిపిస్తుంది.

ఈ 14 మీటర్లు ప్యానెల్ నుంచి లెక్క, డ్రోన్ పైకి లేచిన చోటు నుంచి కాదు. టేబుళ్ళు రెండు మీటర్ల ఎత్తున ఉంటే యాప్‌లో 16 పెట్టాలి.

14 మీటర్ల నుంచి ఒక ఫొటోలో సుమారు 11.8 × 9.5 మీటర్ల మేర పడుతుంది. టేబుల్ పొడవునా తూర్పు పడమరలుగా ఎగిరితే, ఒక ఫొటోలో టేబుల్ పూర్తి వెడల్పు, ఎనిమిది నిలువు వరుసలు, అంటే 16 ప్యానెళ్ళు వస్తాయి.

వేగం సెకనుకు 1.5 మీటర్లు మించొద్దు. ఈ కెమెరాల సెన్సర్ వేడికి స్పందించడానికి సుమారు పది మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంతో పోతే ఆ లోపు డ్రోన్ మూడు సెంటీమీటర్లు, అంటే పిక్సెల్‌కు మించి జరుగుతుంది, మచ్చ సాగిపోతుంది. మూడు సెకన్లకొక ఫొటో పెట్టండి. 4.5 మీటర్లకొకటి వస్తుంది, ప్రతి ప్యానెల్ కనీసం రెండు ఫొటోల్లో, రెండు వేర్వేరు కోణాల నుంచి పడుతుంది. ఈ రెండో ఫొటో ఎందుకో ఆరో భాగంలో చెబుతాను. ఈ ప్లాంటులో టేబుళ్ళ మొత్తం పొడవు 267 మీటర్ల దాకా ఉంటుంది, ఒక బ్యాటరీతో నింపాదిగా అయిపోతుంది.

## 4. కెమెరా సెట్టింగులు, ఎగిరే వరస

1. డ్రోన్‌ను చాప మీద పెట్టి స్విచాన్ చేసి పది నిమిషాలు వదిలేయండి. కెమెరా నిలకడకు వస్తుంది. గ్రానైట్ దుమ్ములో నేరుగా నేల మీంచి లేపితే లెన్స్ మీద పొర కడుతుంది.
2. ఫొటో ఫార్మాట్ `R-JPEG`. ప్రతి పిక్సెల్ ఉష్ణోగ్రత అందులోనే దాగి ఉంటుంది. వీడియో తీస్తే ఆ సమాచారం రాదు.
3. గెయిన్ మోడ్ హై. సూపర్ రిజల్యూషన్ ఆఫ్.
4. రంగుల స్కేలు ఆటోలో వదలకండి. ఆటోలో ప్రతి ఫొటోలోనూ అన్నిటికంటే వేడిగా ఉన్నది ఎర్రగా కనిపిస్తుంది, అది రెండు డిగ్రీల తేడా అయినా సరే. 30 నుంచి 80 డిగ్రీలకు కట్టేయండి.
5. కెమెరా నేరుగా కిందికి చూడాలి. 15 డిగ్రీల వాలుకు ఇది చాలు. చూపు మరీ ఏటవాలైతే గాజు అద్దంలా పనిచేసి ఆకాశాన్ని చూపిస్తుంది.
6. థర్మల్, మామూలు ఫొటో రెండూ ఒకేసారి తీయించండి.
7. ఒక మనిషి నేల మీద నిలబడి ఐదు నిమిషాలకోసారి ఎండ, గాలి, గాలి ఉష్ణోగ్రత, టైము రాయాలి. కెమెరా టైము, ఆ మనిషి ఫోన్ టైము ఒకటేనా అని ముందే చూసుకోండి.

పక్క క్వారీలో పేలుళ్ళ వేళ కనుక్కుని ఆ వేళకు డ్రోన్ గాల్లో లేకుండా చూసుకోండి.

## 5. ఫొటోల నుంచి అంకెలు

మెమరీ కార్డు నుంచి ఫైళ్ళను నేరుగా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఉష్ణోగ్రత సమాచారం మొత్తం ఎగిరిపోతుంది, రంగుల బొమ్మ మాత్రం మిగులుతుంది. క్రాప్ చేసి సేవ్ చేసినా అంతే. అసలు ఫైళ్ళ ఫోల్డర్‌ను ముట్టుకోకుండా ఒక ప్రతి మీద పని చేయండి.

థర్మల్ ఫొటోల పేర్లు `_T.JPG` తో ముగుస్తాయి. లేఅవుట్ కాగితం పక్కన పెట్టుకుని ఏ ఫొటో ఏ టేబుల్‌దో రాసుకోవడం మొదటి పని.

తర్వాత మూడు విలువలు ఇవ్వాలి. మొదటిది ఎమిసివిటీ, అంటే ఉపరితలం వేడిని వెదజల్లే తీరు: ప్యానెల్ గాజుకు 0.85. దూరం 14. మూడోది ప్రతిబింబించే ఉష్ణోగ్రత: నలిపి, తిరిగి పరిచిన అల్యూమినియం ఫాయిల్ ముక్కను అట్ట మీద అంటించి ప్యానెల్ వాలులో పెట్టి, ఎమిసివిటీ 1 గా ఉంచి కెమెరా చూపే అంకె తీసుకోవాలి. నిర్మలమైన ఆకాశం కెమెరాకు చాలా చల్లగా కనిపిస్తుంది కాబట్టి ఈ అంకె గాలి ఉష్ణోగ్రత కన్నా బాగా తక్కువ వస్తుంది, భయపడొద్దు. ఇది కాస్త అటూ ఇటూ అయినా పక్క పక్క సెల్లుల మధ్య తేడా పెద్దగా మారదు. మనకు కావాల్సింది ఆ తేడానే.

కొద్ది ఫొటోలైతే డీజేఐ వాళ్ళ ఉచిత థర్మల్ ఎనాలిసిస్ టూల్‌లో తెరిచి, ప్యానెల్ చుట్టూ పెట్టె గీసి చూసుకోవచ్చు. ఎక్కువైతే వాళ్ళ థర్మల్ ఎస్‌డీకేలోని చిన్న ప్రోగ్రాంతో ఫొటోను ఉష్ణోగ్రతల పట్టీగా మార్చండి:

```
dji_irp.exe -s DJI_0042_T.JPG -a measure -o p42.raw --measurefmt float32 --distance 14 --humidity 55 --emissivity 0.85 --reflection 5
```

ఆ పట్టీలో ఒక ప్యానెల్ ఉన్న చోటుని తీసుకుని లెక్క ఇలా:

```python
import numpy as np
t = np.fromfile("p42.raw", dtype=np.float32).reshape(512, 640)
p = t[98:154, 212:326]
base = np.median(p)
hot = np.percentile(p, 99.9)
G = 780
print(base, hot, (hot - base) * 1000 / G)
```

`p` లోని అంకెలు ఫొటోలో ఆ ప్యానెల్ సరిహద్దులు. ఫ్రేమ్ లోపలికి రెండు మూడు పిక్సెళ్ళు వదిలి తీసుకోండి, అల్యూమినియం ఫ్రేమ్ కలిస్తే లెక్క చెడుతుంది. `base` అంటే ఆ ప్యానెల్ మామూలు వేడి. ఒకే ఒక్క గరిష్ఠ పిక్సెల్ తీసుకుంటే కెమెరా నాయిస్ కూడా హాట్ స్పాట్ అయి కూర్చుంటుంది, అందుకే 99.9 శాతం దగ్గరి విలువ.

చివరి వరసలో 1000ని ఎండతో భాగించడం ఎందుకంటే, ఫొటో తీసినప్పుడు కొలిచిన 780 వాట్ల ఎండలో కనిపించిన తేడా నిండు ఎండలో, అంటే 1000 వాట్ల దగ్గర, ఇంకా పెరుగుతుంది. ఇలా మార్చితేనే జనవరి రిపోర్టునీ ఏప్రిల్ రిపోర్టునీ పక్కపక్కన పెట్టి పోల్చగలం. 600 లోపు ఎండలో తీసిన ఫొటోను ఇలా గుణించి పైకి లాగడం మాత్రం తప్పు.

ఫొటోలన్నీ కుట్టి ఒకే పెద్ద పటం చేయాలా అని చాలామంది అడుగుతారు. ఐదారు వందల ప్యానెళ్ళకు అనవసరం. దానికి ఫొటోలు 80 శాతం దాకా ఒకదాని మీద ఒకటి పడాలి, వేగం ఇంకా తగ్గించాలి. పైగా కుట్టేటప్పుడు పక్క ఫొటోల విలువలు కలిసి చిన్న మచ్చ మసకబారుతుంది. మెగావాట్ల ప్లాంటులో మచ్చ ఎక్కడుందో చూపడానికి పటం పనికొస్తుంది, అప్పుడు కూడా ఉష్ణోగ్రత అసలు ఫొటో నుంచే చదవాలి.

## 6. ఏది నిజం, ఏది కాదు

మొదటి పరీక్ష రెండో ఫొటో. అదే ప్యానెల్ తర్వాతి ఫొటోలో చూడండి. మచ్చ అదే సెల్ మీద ఉంటే నిజం కావచ్చు. డ్రోన్‌తో పాటు పక్క సెల్‌కి, పక్క ప్యానెల్‌కి జరిగితే అది ప్రతిబింబం, కొట్టేయండి.

నిలిచిన వాటిని ఆకారం బట్టి చదవాలి. మన ఉదాహరణ ప్లాంటులో నాలుగు రకాలు కనిపించాయనుకుందాం.

ఒకే సెల్ మండటం. నాలుగో టేబుల్‌లో ఒక ప్యానెల్ మామూలు వేడి 52 డిగ్రీలు, ఒక సగం సెల్ 78. తేడా 26, నిండు ఎండకు మారిస్తే 33. మామూలు ఫొటోలో అక్కడ రెట్ట లేదు, గడ్డి నీడ లేదు. సెల్ పగిలిందో, లోపల అతుకు ఊడిందో అయి ఉండాలి. మిగతా సెల్లులు తోసే కరెంటును ఈ సెల్ మోయలేక వేడిగా వదిలేస్తోంది. ఇది నేల మీద తప్పక చూడాల్సినది.

కింది అంచు పొడవునా పట్టీ. కోత యంత్రాల వైపున్న టేబుళ్ళలో అన్ని ప్యానెళ్ళ అడుగు వరస తొమ్మిది డిగ్రీలు ఎక్కువ, నిండు ఎండకు 11.5. మంచుకి తడిసిన గ్రానైట్ పొడి జారి కింది ఫ్రేమ్ దగ్గర గట్టిపడింది. దీనికి ప్యానెల్ మార్చాల్సిన పనే లేదు, గీకి కడిగితే పోతుంది. కానీ ఏళ్ళ తరబడి వదిలేస్తే అవే సెల్లులు నిజంగా చెడతాయి.

మూడో వంతు ప్యానెల్ నిలువు పట్టీగా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా. ఆ భాగాన్ని బైపాస్ డయోడ్ పక్కదారి పట్టించింది. డయోడ్ షార్ట్ అయి ఉండొచ్చు, లేదా ఆ భాగంలో సెల్ ఏదో అడ్డుపడి ఉండొచ్చు. ఉష్ణోగ్రత తేడా చిన్నదే, ఉత్పత్తి నష్టం మాత్రం ఆ ప్యానెల్‌లో మూడో వంతు.

వరసగా 18 ప్యానెళ్ళు రెండు మూడు డిగ్రీలు వెచ్చగా. అది స్ట్రింగు మొత్తం ఆగిపోయిన గుర్తు. కరెంటుగా బయటికి పోవాల్సిన శక్తి వేడిగా మిగిలిపోయింది. ఫ్యూజో, కనెక్టరో చూడాలి. ఫొటోలో ఎర్ర మచ్చ ఒక్కటీ ఉండదు కాబట్టి కంటికి ఆనదు, నష్టం మాత్రం అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ. 26లో ఒక స్ట్రింగు పోతే ప్లాంటులో దాదాపు నాలుగు శాతం పోయినట్టే.

సగం సెల్లుల ప్యానెల్ నడుమ మూడు చిన్న వెచ్చని చుక్కలు కొద్ది డిగ్రీల తేడాతో కనిపిస్తే కంగారు వద్దు, వెనక జంక్షన్ బాక్సులు అవి. అన్ని ప్యానెళ్ళలో ఒకేలా ఉండాలి. ఒకదానిలో మాత్రం బాగా ఎక్కువైతే రాసుకోండి.

ఒకే సెల్ వేడికి నేను పాటించే గీటు ఇది: నిండు ఎండకు మార్చాక తేడా 10 లోపైతే నమోదు చేసి వదలడం, 10 నుంచి 20 అయితే కడిగి మళ్ళీ చూడటం, 20 దాటితే వెంటనే నేల మీద పరీక్ష. ఇది పని సాగడానికి పెట్టుకున్న గీటే కానీ ప్రమాణంలోని అంకె కాదు. వారంటీకి వెళ్ళేటప్పుడు తయారీదారు పత్రంలో ఉన్న హద్దునే చూపాలి.

## 7. నేల మీద తేల్చడం

- అనుమానం ఉన్న ప్యానెళ్ళను పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగండి. మిట్ట మధ్యాహ్నం చన్నీళ్ళు కొడితే గాజు చిట్లే ప్రమాదం ఉంది. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఆరాక తెల్ల చారలు మిగులుతాయి, వెంటనే రబ్బరు బద్దతో లాగేయాలి.
- ఎండ మళ్ళీ 600 దాటాక చేతి థర్మల్ కెమెరాతోనో డ్రోన్‌తోనో చూడండి. పోతే దుమ్ము, ఉంటే లోపం.
- స్ట్రింగు కరెంటును డీసీ క్లాంప్ మీటర్‌తో పక్క స్ట్రింగుతో పోల్చండి. ఒకే నిమిషంలో రెండూ తీసుకోవాలి.
- ప్యానెల్ వెనక వైపు చూడండి: కాలిన గోధుమ రంగు మచ్చ, ఉబ్బు, కరిగిన కనెక్టర్.
- కనెక్టర్ విప్పాలంటే ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపాలి. కరెంటు పారుతుండగా లాగితే ఆర్క్ వస్తుంది. ఆపిన తర్వాత కూడా 18 ప్యానెళ్ళ స్ట్రింగు ఎండలో 800 వోల్టులు దాటి ఉంటుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ తప్ప వేరెవరూ ముట్టుకోకూడదు.

## 8. రిపోర్టులో ఏముండాలి

ప్రతి లోపానికీ ఒక వరస చాలు:

- టేబుల్, స్ట్రింగు, ప్యానెల్ స్థానం, సీరియల్ నంబరు
- థర్మల్ ఫొటో, మామూలు ఫొటో ఫైలు పేర్లు
- టైము, ఎండ, గాలి, గాలి ఉష్ణోగ్రత
- మామూలు వేడి, గరిష్ఠ వేడి, నిండు ఎండకు మార్చిన తేడా
- ఆకారం: సెల్, మూడో వంతు, అడుగు పట్టీ, స్ట్రింగు
- కడిగాక ఉందా, పోయిందా
- చేసిన పని, తేదీ

సీరియల్ నంబరు, కడిగాక తీసిన ఫొటో లేకపోతే తయారీదారు "మీ దుమ్మే" అని ఫైలు పక్కన పెట్టేస్తాడు. అసలు `R-JPEG` ఫైళ్ళు కూడా రిపోర్టుతో పాటు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, వాళ్ళే లెక్క వేసి చూసుకుంటారు.

ప్యానెల్ మార్చాక ఆ టేబుల్ మీద మాత్రం మళ్ళీ అదే ఎత్తు, అదే వేగంతో ఒకసారి ఎగరండి. కొత్త ప్యానెల్ బిగించేటప్పుడు పక్క ప్యానెల్ మీద కాలు పెట్టి సెల్ పగలగొట్టడం చాలా మామూలుగా జరిగే పని. కూలీలు ఇంకా ఆవరణలో ఉండగానే ఫొటో చూసుకుంటే మళ్ళీ పిలిపించే ఖర్చు తప్పుతుంది.